తడి రుమాలు 20 కిలోలు తూగుతుందా?

స్పిన్ అయ్యాక వాషింగ్ మెషీన్ తెరిస్తే బట్టలు డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. ఎందుకు? కదిలే బట్ట తిన్నగా పోవాలని చూస్తుంది. గోడ దాన్ని లోపలికి నెడుతూ గుండ్రంగా తిప్పుతుంది. ఆ నెట్టుడే బట్టకు బరువు అవుతుంది.

ఎంత బరువో లెక్క కడదాం. డ్రమ్ము వ్యాసార్థం 25 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1200 చుట్లు అనుకుందాం. అంటే సెకనుకు 20 చుట్లు. కోణీయ వేగం 2π × 20, సుమారు 126. దాని వర్గాన్ని 0.25తో గుణిస్తే 4000కు కాస్త తక్కువ. దాన్ని g విలువ 9.8తో భాగిస్తే దాదాపు 400 రెట్లు! 50 గ్రాముల తడి రుమాలు గోడను 20 కిలోల బరువులా నొక్కుతుందన్నమాట.

నీటికి మాత్రం గోడలో రంధ్రాలు దొరుకుతాయి. అక్కడ ఆపేవాళ్లు లేరు, బయటికి దూసుకుపోతుంది. వేగాన్ని 600 చుట్లకు తగ్గిస్తే బరువు సగం కాదు, నాలుగో వంతుకు, అంటే 100 రెట్లకు పడిపోతుంది. అందుకే అప్పుడు జీన్స్ ప్యాంటు ఇంకా చెమ్మగానే బయటికొస్తుంది.