సాయంత్రానికి కాళ్ళు ఎందుకు బరువెక్కుతాయి? నరాలు తేలితే తప్పంతా వాటిదేనా?

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. హైస్కూల్లో టీచర్ని. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడే పాఠం చెబుతాను. సాయంత్రం బడి వదిలేసరికి కాళ్ళకు బండరాళ్ళు కట్టినట్టు ఉంటుంది. పిక్కలు లాగేస్తాయి. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి తేలాయి. నరాల బలహీనత అనుకుని ఆర్నెల్లు బి కాంప్లెక్స్ మాత్రలు వాడాను, గుణం లేదు. మెడికల్ షాపులో గట్టి సాక్స్ వేసుకోమన్నారు. తెలిసినవాళ్ళు లేజర్ చేయించుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఆర్నెల్ల మాత్రల వెనక మన భాషలోని ఒక మాట ఉంది. నెత్తురు మోసే గొట్టాన్నీ నరం అంటాం, స్పర్శ మోసే తీగనూ నరం అంటాం. మీ పిక్క మీద తేలినవి మొదటి రకం. కాళ్ళలోని నెత్తుటిని గుండెకు తిరిగి తీసుకెళ్ళే సిరలవి. బి కాంప్లెక్స్‌కు వాటితో పని లేదు. ఈ ఒక్క మాట వల్ల ఏళ్ళ తరబడి సూదులు వేయించుకున్నవాళ్ళను చూశాను. అందుకే ఇక్కడ నుంచి వాటిని సిరలనే పిలుస్తాను.

బరువు సాయంత్రానికే ఎందుకు వస్తుంది? మీరు కదలకుండా నిలబడితే గుండె దగ్గర నుంచి చీలమండ దాకా నెత్తురు ఒక నిలువు స్తంభంలా ఉంటుంది. ఆ బరువంతా చీలమండ దగ్గరి సిర మీద పడుతుంది. బీపీ కొలిచే లెక్కలో చెప్పాలంటే అక్కడ ఒత్తిడి దాదాపు 90. పది అడుగులు నడిస్తే అది 30 లోపుకు దిగుతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం లోపలి సిరలను పిండి నెత్తుటిని పైకి నెడుతుంది. నెట్టింది మళ్ళీ కిందికి జారకుండా సిరల లోపల చిన్న కవాటాలు, అంటే ఒకవైపే తెరుచుకునే తలుపులు, మూసుకుంటాయి. ఆ తలుపులు సరిగ్గా మూసుకోకపోతే పైకెక్కిన నెత్తురు వెనక్కి జారుతుంది. నడిచినా ఒత్తిడి దిగదు. సిర సాగి మెలికలు తిరుగుతుంది, గోడల గుండా నీరు కొద్దికొద్దిగా చర్మం కిందికి ఊరుతుంది. పొద్దున తేలిగ్గా ఉన్న కాలు పీరియడ్ పీరియడ్‌కూ నిండుతూ వచ్చి సాయంత్రానికి బరువెక్కుతుంది. ఎండాకాలంలో సిరలు మరింత సాగుతాయి కాబట్టి బాధ ఎక్కువవుతుంది. అమ్మకో అక్కకో ఉండటం, కాన్పులు, నిలబడి చేసే ఉద్యోగం, ఇవన్నీ దీనికి దారులు.

ఇంతవరకూ మీ కథ సరిగ్గా సరిపోయినట్టే ఉంది. కానీ ఇక్కడే ఆగాలి. సిరలు కంటికి కనిపిస్తాయి కాబట్టి నేరం వాటి మీద సులువుగా పడుతుంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 18 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న 1,566 మంది మామూలు జనాన్ని పిలిచి కాళ్ళు పరీక్షించారు. 1999లో ఫలితాలు అచ్చయ్యాయి. ఉబ్బిన సిరలకూ కాళ్ళ బాధలకూ అనుకున్నంత పొత్తు కుదరలేదు. ఆడవాళ్ళలో బరువు, లాగుడు, దురద కొంతవరకు సిరలతో ముడిపడ్డాయి. మగవాళ్ళలోనైతే దురద ఒక్కటే. సిరలు ఉబ్బి ఉన్నవాళ్ళలో కూడా కాళ్ళ బాధలు చాలావాటికి కారణం వేరే ఉండొచ్చని వాళ్ళు తేల్చారు.

మరి ఎలా తెలుసుకోవాలి? నా అనుభవంలో, నొప్పి ఎప్పుడు వస్తుందన్నదాని కంటే ఏం చేస్తే తగ్గుతుందన్నదే ఎక్కువ చెబుతుంది. సిరల బరువైతే కాస్త నడిస్తే తేలికవుతుంది. గోడకు చేరబడి కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టి పావుగంట పడుకుంటే దిగిపోతుంది. అలా దిగకపోతే ఇంకేదో కలిసి ఉందని అనుమానించాలి.

ఒక టిఫిన్ బండి ఆయన సంగతి చెబుతాను. 56 ఏళ్ళు, తొమ్మిదేళ్ళుగా షుగరు, రోజుకు పది సిగరెట్లు. తెల్లవారుజాము నుంచి పదకొండు గంటల దాకా పెనం ముందే నిలబడతాడు. ఎడమ మోకాలి లోపలి వైపు నుంచి చీలమండ దాకా సిరలు తాళ్ళలా తేలి ఉన్నాయి. ఎవరో చెప్పగా గట్టి సాక్స్ కొనుక్కున్నాడు. వేసుకున్న వారానికి కాలు ఇంకా పోటు పెడుతోందని వచ్చాడు. సాయంత్రం బరువు గురించే చెబుతున్నాడు. “కాళ్ళు పైకి పెడితే?” అని అడిగాను.

“బరువు దిగుతుంది సార్. కానీ మార్కెట్టుకు నడిచేటప్పుడు పిక్క పట్టేస్తుంది, అది వేరే.”

ఎక్కడ పట్టేస్తుందని అడిగితే ఠక్కున చెప్పాడు. ఇంటి నుంచి బయల్దేరితే రోజూ కట్టెల అడితీ దగ్గరే. అక్కడ నిలబడతాడు. కూర్చోడు, నిలబడతాడంతే. మూడు నిమిషాల్లో పోతుంది. మళ్ళీ అంతే దూరం నడిస్తే మళ్ళీ పడుతుంది.

ఆ మాటతో సగం తేలింది. ఉబ్బిన సిరలు నిలబడితే బాధ పెడతాయి, ఊరికే నిలబడితే తగ్గవు. కొలిచినట్టు ఒకే దూరానికి వచ్చి, నిలబడగానే పోయే పిక్క నొప్పి ధమనిది, అంటే గుండె నుంచి కాలికి నెత్తురు తెచ్చే గొట్టానిది. లోపల కొవ్వు పేరుకుని ఇరుకైతే, కూర్చున్నప్పుడు సరిపోయే నెత్తురు నడకకు చాలదు. పాదం చూశాను. ఎడమ పాదం చల్లగా ఉంది, కాలివేళ్ళ మీద వెంట్రుకలు పోయాయి, పాదం మీద నాడి నా వేలికి తగల్లేదు. చేతి దగ్గర బీపీ 140. చీలమండకు పట్టీ కట్టి చిన్న డాప్లర్ యంత్రంతో కొలిస్తే కుడివైపు 133, ఎడమవైపు 84. చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తే కుడి 0.95, ఎడమ 0.6. 0.9 కంటే తగ్గితే ధమని ఇరుకైనట్టు. షుగరు ఉన్నవాళ్ళలో ధమనులు సున్నం పట్టి గట్టిపడి, ఈ లెక్క ఒక్కోసారి మోసం చేస్తుంది. జబ్బున్నా అంకె మామూలుగానో ఎక్కువగానో వస్తుంది. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలుస్తాం.

అంటే ఆయన ఒకే కాలిలో రెండు జబ్బులున్నాయి. కింది నుంచి పైకి వెళ్ళే దారిలో తలుపులు చెడ్డాయి, పై నుంచి కిందికి వచ్చే దారి ఇరుకైంది. సాయంత్రం బరువు మొదటిది, కట్టెల అడితీ నొప్పి రెండోది. వచ్చే నెత్తురే తక్కువైన కాలికి గట్టి సాక్స్ బిగిస్తే చర్మానికి అందేది ఇంకా తగ్గుతుంది, పుండు పడొచ్చు. అందుకే వెంటనే తీయించాను. సిరను కాల్చడం కూడా అప్పటికి వద్దన్నాను. రేపు ధమనికి బైపాస్ అవసరమైతే మనం గొట్టంగా వాడుకునేది కాలిలోని ఆ పొడవాటి సిరనే. మరీ సాగిపోయిన సిర పనికిరాకపోవచ్చు కానీ, చూసుకోకుండా పోగొట్టుకోకూడదు.

ఆయనకు సిగరెట్టు మాన్పించాం. కొవ్వు తగ్గించే మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా మాత్ర మొదలుపెట్టాం. వాటితో పాటు నడక. నొప్పి మొదలై ఓ మోస్తరుగా పెరిగేదాకా నడవాలి, ఆగాలి, తగ్గగానే మళ్ళీ నడవాలి. ఇలా అరగంట నుంచి ముప్పావు గంట, వారంలో కనీసం మూడు రోజులు, మూడు నెలలు. నొప్పి వస్తే నడవకూడదనుకుని ఆగిపోయేవాళ్ళకు ఇది నమ్మశక్యంగా ఉండదు, కానీ ఈ జబ్బులో నడకే మందు.

ఇంకొందరికి నిలబడినా నడిచినా రెండు కాళ్ళూ బరువెక్కి తిమ్మిరెక్కుతాయి. నిలబడితే తగ్గదు. కూర్చుంటే, లేదా ముందుకు వంగితే తగ్గుతుంది. కూరగాయల బండి పట్టుకుని వంగి ఎంత దూరమైనా నడవగలరు, నిటారుగా పది గజాలు నడవలేరు. అది నడుము దగ్గర వెన్నుపూస లోపలి దారి ఇరుకై అసలైన నరాలు, అంటే స్పర్శ తీగలు, నలగడం వల్ల. ఆ వయసుకు కాలి మీద సిరలు తేలి ఉండటం మామూలే కాబట్టి వీళ్ళలో కొందరు సిరల ఆపరేషన్ చేయించుకుని, నొప్పి అలాగే ఉందని వస్తారు. రాత్రి పడుకున్నాక అరికాళ్ళు మండటం, సూదులు గుచ్చినట్టుండటం కూడా సిరల లక్షణం కాదు. షుగరు చూపించుకోవాలి.

వాపు సంగతి విడిగా చూడాలి. మడమల దగ్గర రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బుతుంటే ముందు మీ బీపీ మాత్ర పేరు చూడండి. ఆమ్లోడిపిన్ చాలామందికి సరిగ్గా ఇలాగే సాయంత్రానికి వాపు తెస్తుంది. మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరుకు చెబితే మారుస్తారు. అది కాకపోతే గుండె, మూత్రపిండాలు, థైరాయిడ్ చూడాలి. వాపు గట్టిగా ఉండి పాదం వేళ్ళ దాకా దిగి, రెండో వేలి మీద చర్మం చిటికెతో పైకి లేవకపోతే అది లింఫు వాపు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు ఉన్న చోట్ల ముందు అదే గుర్తుకు రావాలి.

ఒక్క కాలే, రెండు మూడు రోజుల్లో కొత్తగా ఉబ్బి, పిక్క వేడిగా నొప్పిగా ఉంటే మాత్రం రేపటి దాకా ఆగకండి. లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చు. కాన్పు తర్వాత, ఆపరేషన్ తర్వాత, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చున్న తర్వాత ఇది వస్తుంటుంది. నూనె రాసి పిసకొద్దు. ఆయాసం, గుండెలో పోటు తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే.

ఇక మీ సంగతి. ఈ వారం రోజూ పొద్దున లేవగానే, సాయంత్రం బడి నుంచి రాగానే రెండు పిక్కలూ ఒకే ఎత్తులో టేపుతో కొలిచి రాసుకోండి. కాళ్ళు ఎత్తులో పెట్టి పావుగంట పడుకుని ఎంత తగ్గిందో గమనించండి. ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి. పాదాల్లో నాడి చూడమని అడగండి. కలర్ డాప్లర్ రాస్తే, సిరల పరీక్ష మిమ్మల్ని నిలబెట్టి చేస్తారా అని ముందే కనుక్కోండి. పడుకోబెట్టి చేసిన పరీక్షలో గడ్డ ఉందో లేదో తెలుస్తుంది కానీ, నెత్తురు వెనక్కి జారడం సరిగ్గా దొరకదు. నిలబడి చూసినప్పుడు పైసిరలో నెత్తురు అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే తలుపు చెడినట్టు. అదే పరీక్షలో లోపలి సిరలు తెరిచి ఉన్నాయో లేదో కూడా చూడాలి. లోపలి దారి మూసుకుపోయి ఉంటే మీరు చూస్తున్న ఉబ్బు సిరే నెత్తుటికి పక్కదారి అయి ఉండొచ్చు, దాన్ని మూసేస్తే కాలు ఇంకా బిగుస్తుంది.

నాడి బాగుండి, లోపలి సిరలు బాగుండి, పైసిరలో జారుడు తేలితే అప్పుడు మోకాలి కింది దాకా ఉండే సాక్స్ మీకు పనికొస్తాయి. కొలతలు తీసుకునే కొనండి. పొద్దున మంచం దిగకముందే, కాలు ఉబ్బకముందే వేసుకుని రాత్రి తీసేయాలి. బోర్డు మీద రాస్తున్నప్పుడు మడమలు లేపి దించండి, వరసల మధ్య తిరుగుతూ చెప్పండి. మూడు నెలలైనా బరువు తగ్గకపోయినా, చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి దురద పెడుతున్నా లేజర్ గురించి మాట్లాడొచ్చు. అప్పుడు కూడా డాక్టర్ని ఒక మాట అడగండి: నాకున్న బాధలో ఎంత ఈ సిరది?

టిఫిన్ బండి ఆయన నాలుగో నెలలో వచ్చాడు. కట్టెల అడితీ దాటి మార్కెట్టు గేటు దాకా ఆగకుండా వెళ్తున్నాడు. సాయంత్రం బరువు మాత్రం అలాగే ఉంది. పెనం పక్కన ఒక ఎత్తు స్టూలు వేసుకున్నాడు. సిరల సంగతి ఇప్పుడు తీరిగ్గా చూస్తున్నాం.