కోత ఎక్కడ పడుతుంది?

10 వోల్టుల శిఖరమున్న సైన్ తరంగం రెసిస్టర్ గుండా వస్తోంది. అవుట్‌పుట్ దగ్గర సిలికాన్ డయోడ్ ఆనోడ్ ఉంది. కాథోడ్‌కి 3 వోల్టుల బ్యాటరీ ప్లస్, బ్యాటరీ మైనస్ గ్రౌండ్‌కి. బొమ్మ గీసే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: డయోడ్ ఎప్పుడు తెరుచుకుంటుంది? బ్యాటరీ 3, డయోడ్ సొంత 0.7 కలిపి 3.7 వోల్టులు దాటబోయినప్పుడు. అందాకా అవుట్‌పుట్ ఇన్‌పుట్ వెంటే నడుస్తుంది, ఆపైన తల తెగి చదునవుతుంది. కింద −10 దాకా చెక్కుచెదరదు. ఇది క్లిప్పర్.

ఇప్పుడు రెసిస్టర్ తీసి కెపాసిటర్ పెట్టండి. అది 6.3 వోల్టులకు చార్జయి అలాగే నిలబడుతుంది. ఇక కోత లేదు. తరంగమంతా అంతమేర కిందికి జరిగి 3.7, −16.3 మధ్య ఊగుతుంది. ఇది క్లాంపర్. లోడ్ రెసిస్టెన్స్ మరీ తక్కువైతే కెపాసిటర్ ప్రతి సైకిల్లోనూ కొంత ఖాళీ అవుతుంది, తరంగం ఆకారం చెడుతుంది.