వెయ్యి రూపాయల బాండు 950కే ఎందుకు దొరుకుతుంది?

మా అక్క కొడుకు ఎం.కాం. చదువుతున్నాడు. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఓ ప్రశ్నను ఫొటో తీసి పంపాడు. ట్యూబ్‌లైట్ వెలుగు పడి సగం పేజీ తెల్లగా మెరుస్తోంది. కుడివైపు అంచు తెగిపోయింది. కింద ఒక్క వాక్యం: "మావయ్యా, ఇందులో రెండు శాతాలున్నాయి, దేంతో భాగించాలి?"

కనిపించినంత మేరకు లెక్క ఇదీ. బాండు ముఖ విలువ 1000 రూపాయలు, కూపన్ రేటు 8 శాతం, గడువు 3 ఏళ్లు, మార్కెట్ ఈల్డ్ 10 శాతం. ధర కట్టాలి, ధర ఎందుకు మారిందో చెప్పాలి.

చాలామంది తడబడేది వాడు అడిగిన చోటే. కూపన్ రేటు బాండు జారీ చేసిన రోజున రాసిపెట్టినది. దాన్నిబట్టి ఏటా చేతికొచ్చే వడ్డీ 80 రూపాయలని తెలుస్తుంది, అంతటితో దాని పని అయిపోయినట్టే. ఈల్డ్ అంటే అలాంటి బాండు మీద ఇవాళ మార్కెట్ ఆశిస్తున్న రాబడి. భాగించాల్సింది దాంతోనే.

ఈ బాండు కొన్నవాళ్లకు మూడుసార్లు డబ్బొస్తుంది. మొదటి ఏడాది చివర 80, రెండో ఏడాది చివర 80, మూడో ఏడాది చివర వడ్డీ, అసలు కలిపి 1080. ఈ మూడింటినీ కూడేసి ఒకేసారి భాగిస్తే కుదరదు. ఏ సొమ్ము ఎంతకాలం ఆగితే వస్తుందో, దాన్ని అన్నిసార్లు 1.10తో భాగించాలి. మొదటి 80ని ఒకసారి భాగిస్తే 72.73 వస్తుంది. రెండో 80ని రెండుసార్లు భాగిస్తే 66.12. చివరి 1080ని మూడుసార్లు భాగిస్తే 811.42. మొత్తం కలిపితే దాదాపు 950.26 రూపాయలు. అదే ధర.

ఈల్డ్ కూడా 8 శాతమే అయితే ఇదే లెక్క సరిగ్గా 1000 దగ్గర తేలుతుంది. అంటే మార్కెట్ రేటు 8 నుంచి 10కి పెరగడంతో దాదాపు 50 రూపాయలు తగ్గాయన్నమాట. కారణం సూటిగానే ఉంది. కొత్తగా వచ్చే బాండ్లు వెయ్యికి 100 ఇస్తుంటే, 80 ఇచ్చే పాతదాన్ని వెయ్యి పెట్టి ఎవరూ కొనరు. కూపన్‌ను మార్చే వీలు లేదు కాబట్టి ధరే దిగిరావాలి.

మరి 950కి కొన్నవాళ్లకు నిజంగా 10 శాతం వస్తుందా? ఒక ఏడాది గడిచిందనుకుందాం, ఈల్డ్ 10 దగ్గరే ఉందనుకుందాం. ఇక మిగిలినవి 80, 1080. వాటిని ఒకసారి, రెండుసార్లు భాగించి కూడితే ధర 965.29 అవుతుంది. చేతికొచ్చిన వడ్డీ 80, పెరిగిన ధర 15.03, కలిపి 95.03. అది 950.26లో సరిగ్గా పదో వంతు. గడువు దగ్గరపడేకొద్దీ ధర ఇలా వెయ్యి వైపు జరుగుతూ పోతుంది. ఈ లెక్కంతటిలో నాకు బాగా నచ్చేది ఈ మెట్టే.

ఈ పెరుగుదలను వదిలేసి 80ని 950తో భాగించి, 8.42 శాతమే ఈల్డ్ అని రాసేవాళ్లుంటారు. అది ఈ ఏడాది వడ్డీ రాబడి మాత్రమే. ధర ఇచ్చి ఈల్డ్ అడిగితే ఒక్క భాగహారంతో తేలదు. ఒక రేటు అనుకుని ధర కట్టి చూడాలి. 9 శాతంతో కడితే 974.69 వస్తుంది, ఇంకా ఎక్కువే. కాబట్టి రేటు పెంచాలి. 10 దగ్గర సరిపోతుంది. కంప్యూటర్ చేసేదీ ఇలాంటి వెతుకులాటే, కాకపోతే వేగంగా చేస్తుంది.

గడువు పెరిగితే దెబ్బ పెద్దది. ఇదే బాండు పదేళ్లదైతే 10 శాతం ఈల్డ్‌కు ధర 877 రూపాయల దగ్గరికి పడిపోతుంది. తక్కువ కూపన్‌తో సరిపెట్టుకోవాల్సిన ఏళ్లు ఎక్కువ కదా మరి. అయితే గడువుదాకా ఉంచుకుని, జారీచేసినవారు మాట తప్పకపోతే, ముఖ విలువ మొత్తం చేతికొస్తుంది. నష్టం నిజమయ్యేది మధ్యలో అమ్మాల్సి వచ్చినవాళ్లకే.

ఇక తెగిపోయిన ఆ అంచు సంగతి. పేజీ మళ్లీ సరిగ్గా ఫొటో తీసి పంపమన్నాను. అక్కడ 'అర్ధ సంవత్సర చెల్లింపు' అని ఉంది! అలాంటప్పుడు మామూలుగా కూపన్‌ను, ఈల్డ్‌ను రెండింటినీ సగం చేస్తారు. ఆరు నెలలకోసారి 40 రూపాయలు, మొత్తం ఆరు విడతలు, ఒక్కో విడతకు 5 శాతం. జవాబు 949.24. తేడా రూపాయే అయినా పరీక్షలో అది తప్పే. మన కేంద్ర ప్రభుత్వ బాండ్లలో ఎక్కువభాగం ఆరు నెలలకోసారే వడ్డీ ఇస్తాయి కాబట్టి, రిజర్వ్ బ్యాంక్ రిటైల్ డైరెక్ట్‌లో కొనేవారైనా సరే, లెక్క మొదలుపెట్టే ముందు వడ్డీ ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో చూసుకోండి.