గొంతు పట్టేసే వాక్యం

మా అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. రిటైరయ్యే ముందు వారం రాత్రి భోజనాలయ్యాక రెండు కాగితాలు తెచ్చి, "విను రా, ఎలా ఉందో చెప్పు" అంది. మొదటి పేరా బాగానే చదివింది. రెండో పేరాలో ఒక వాక్యం సగానికి వచ్చేసరికి గొంతు సన్నబడింది, వణికింది, ఆగిపోయింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

ఆ వాక్యం ఇది: "ముప్పై మూడేళ్ల కిందట చంకలో పసిబిడ్డతో ఈ గేటు దాటి వచ్చి, ఏ గదికి వెళ్లాలో తెలియక వేపచెట్టు కింద నిలబడి ఉన్న నన్ను చూసి, బిడ్డను తాను ఎత్తుకుని నన్ను క్లాసుకు పంపించిన మన ఆయమ్మ ఈ రోజు మన మధ్య లేదు."

రాతలో దీనికి వంక పెట్టలేం. ఊపిరితోనే చిక్కు. తెలుగులో అసలు క్రియ చివర వస్తుంది. వచ్చి, తెలియక, చూసి, ఎత్తుకుని అంటూ వాక్యం సాగుతుంటే మధ్యలో ఆగడానికి చోటుండదు. మాట్లాడేది బయటికి వదిలే గాలితోనే కాబట్టి, వాక్యం చివరికి చేరేసరికి ఊపిరి అయిపోతుంది. గుండె బరువెక్కించే "లేదు" కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఏడుపు ముంచుకొచ్చినప్పుడు గొంతు కండరాలు బిగుసుకుంటాయి, స్వరతంతువుల మధ్య దారి తెరుచుకునే ఉండాలని చూస్తుంది. మనమేమో ఆ సమయంలోనే గుటక మింగుతాం, మింగాలంటే ఆ దారి మూసుకోవాలి. ఈ పెనుగులాటే గొంతులో ఉండలా తోస్తుంది. పైగా గాలి కూడా చాలకపోతే స్వరం చీలిపోతుంది.

అందుకని ఆ వాక్యాన్ని ముక్కలు చేశాం. ఒక్కో ముక్క ఒక్కో లైను, ఒక్కో లైనుకు ఒక్కో క్రియ. ఒక గీత దగ్గర ఊపిరి తీసుకోవాలి, రెండు గీతల దగ్గర తలెత్తి సభను చూడాలి.

ముప్పై మూడేళ్ల కిందట ఈ గేటు దాటాను. /
చంకలో పసిబిడ్డ. /
ఏ గదికి వెళ్లాలో తెలియదు. /
వేపచెట్టు కింద నిలబడ్డాను. //
మన ఆయమ్మ వచ్చింది. /
బిడ్డను తాను ఎత్తుకుంది. /
నన్ను క్లాసుకు పంపింది. //
ఈ రోజు ఆమె లేదు. //

"ఇదేంటి, ఒకటో క్లాసు వాచకంలా ఉంది!" అని అక్క నవ్వింది. కాగితం మీద నిజంగా అలాగే కనిపిస్తుంది. పైకి చదివితే అలా వినిపించదు.

రెండు గీతల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఏడుపు ఆపుకోవాలని ఊపిరి బిగబడతారు, దాంతో గొంతు ఇంకా బిగుస్తుంది. ముందు ఉన్న గాలిని మెల్లగా వదలాలి. తర్వాత పొట్ట కదిలేలా లోపలికి తీసుకుని, అప్పుడు మాట ఎత్తుకోవాలి. దీనికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. చదివేవాళ్లకు అది యుగంలా తోస్తుంది గానీ, వినేవాళ్లు దాన్ని మామూలు విరామంగానే తీసుకుంటారు. ఆ లైనును మనసులో చదువుకుంటే లాభం లేదు, ఎందుకంటే గొంతు పట్టేది పైకి అన్నప్పుడే. చివరి లైనొక్కటే అక్క వంటింట్లో రోజూ పదిసార్లు పైకి అనేది. మొదటి రోజు మూడోసారికే ఏడ్చేసింది. నాలుగో రోజుకు మాట నిలబడింది.

కాగితం సంగతీ చూసుకోవాలి. అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకుండా, ఒకవైపే ప్రింటు తీయించాం. పేజీ కింది మూడో వంతు ఖాళీగా వదిలేశాం, ఎందుకంటే కిందికి చదివేకొద్దీ గడ్డం ఛాతీ వైపు వాలి గొంతు నొక్కుకుంటుంది. కాగితాలను పరీక్ష అట్టకు బిగించాం. వట్టి కాగితమైతే వేళ్ల వణుకు కాగితంలో కనిపిస్తుంది, అది చూసి మనకే ఇంకా బెదురు పుడుతుంది. శాలువా, దండలు మైకు ముందుకు వెళ్లేలోపే తీసి కుర్చీలో పెట్టేయాలి. మెడలో నాలుగు బంతిపూల దండలు వేసుకుని నిండుగా ఊపిరి తీయడం ఎవరి తరం?

చేతిలో కాగితం ఉండటం చిన్నతనమనుకునేవాళ్లకు ఒక మాట. 2013 నవంబర్ 16న వాంఖడే మైదానంలో వీడ్కోలు మాటలు చెప్పిన సచిన్ టెండూల్కర్ కూడా, కృతజ్ఞత చెప్పాల్సిన వాళ్ల పేర్ల జాబితా చేత్తో పట్టుకునే మాట్లాడాడు.

ఇంత చేసినా ఒక్కోసారి గొంతు ఆగుతుంది. అందుకే రెండో ప్రతి ఒకటి పక్కన కూర్చునే సహోపాధ్యాయురాలికి ఇచ్చాం, అక్క తల ఊపితే అక్కడి నుంచి ఆమె చదవాలని. ఆ అవసరం రాలేదు. "మన ఆయమ్మ వచ్చింది" దగ్గర గొంతు కాస్త జీరబోయింది. అక్క ఆగి, గాలి వదిలి, మళ్లీ ఎత్తుకుంది. ఒక్కటి మాత్రం మేం ముందుగా లెక్క వేసుకోలేదు. గబగబా చదివితే నాలుగు నిమిషాలు పట్టిన ప్రసంగం, విరామాలతో ఆరు నిమిషాలైంది. మీ సభ నిర్వాహకులకు ఆ సంగతి ముందే చెప్పి పెట్టండి.