కటకం బొమ్మలో కదలని గీత

పదో తరగతిలో కుంభాకార కటకం పాఠం వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒక పట్టికను బట్టీ పడతారు. వస్తువు అనంత దూరంలో ఉంటే ప్రతిబింబం ఎక్కడ పడుతుంది, నాభి దగ్గర ఉంటే ఎక్కడ, ఇంకా ముందుకొస్తే ఎక్కడ, అది చిన్నదా పెద్దదా, నిటారా తలకిందులా అని. పరీక్ష హాల్లో ఒక వరుస మరో వరుసతో కలిసిపోయిందంటే మార్కులు పోయినట్టే. ఆ పట్టిక మొత్తాన్నీ రెండు గీతల నుంచి రాబట్టుకోవచ్చు. పైగా వస్తువును ఎంత జరిపినా ఆ రెండింటిలో ఒకటి కటకం అవతల ఉన్నచోటే ఉంటుంది. ఇది గమనిస్తే బట్టీ పట్టే పనే ఉండదు.

ఒక గ్రాఫ్ కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు, స్కేలు తీసుకోండి. మన కటకం నాభ్యంతరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. కాగితం మీద అడ్డంగా 1 సెంటీమీటరు అసలు దూరంలో 5 సెంటీమీటర్లకు సమానం. నిలువు కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే వేద్దాం. అడ్డానికీ నిలువుకీ వేర్వేరు కొలతలు వాడినా తప్పేమీ లేదు. సరళరేఖలు సరళరేఖలుగానే ఉంటాయి, అవి కలిసే చోటూ మారదు.

ముందుగా అడ్డంగా ఒక పొడవాటి గీత గీయండి. అది ప్రధానాక్షం. దాని నడుమ 10 సెంటీమీటర్ల పొడవున నిలువు గీత గీయండి. అదే కటకం. ఉబ్బెత్తు ఆకారం అందం కోసం వేసుకోవచ్చు గానీ, కిరణం వంగేది మాత్రం ఈ నిలువు గీత దగ్గరే అనుకోవాలి. నిజం కటకంలో కాంతి లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి వంగుతుంది. కటకం పలచనిదైతే ఆ రెండు వంపులనూ కలిపి ఒకటిగా చూపడం సరిపోతుంది. రెండు గీతలూ కలిసే బిందువు దృక్ కేంద్రం. దానికి ఇరువైపులా 2 సెంటీమీటర్ల దూరంలో నాభులను గుర్తించండి.

ఇప్పుడు 2 సెంటీమీటర్ల ఎత్తున్న వస్తువును, కొవ్వొత్తి మంట అనుకోండి, కటకానికి ఎడమవైపు 15 సెంటీమీటర్ల దూరంలో పెడదాం. కాగితం మీద అది 3 సెంటీమీటర్లు. అక్కడ అక్షం మీద ఒక బాణం నిలబెట్టండి. బాణం కొన నుంచి అక్షానికి సమాంతరంగా కటకం దాకా ఒక గీత గీయండి. కటకాన్ని తాకాక ఆ కిరణం కుడివైపు నాభి గుండా కిందికి దిగిపోతుంది. రెండో గీతను అదే కొన నుంచి దృక్ కేంద్రం గుండా తిన్నగా లాగండి. అది వంగదు. రెండు గీతలూ కటకానికి కుడివైపు 6 సెంటీమీటర్ల దూరంలో, అక్షానికి 4 సెంటీమీటర్ల కింద కలుస్తాయి. అంటే ప్రతిబింబం అసలు దూరంలో 30 సెంటీమీటర్ల దగ్గర, వస్తువుకు రెట్టింపు ఎత్తున, తలకిందులుగా ఏర్పడుతుంది. అక్కడ తెల్ల కాగితం పెడితే మంట బొమ్మ దాని మీద పడుతుంది. అందుకే దాన్ని నిజ ప్రతిబింబం అంటారు.

సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి మూడో గీత ఉంది. బాణం కొన నుంచి ఎడమ నాభి గుండా గీత లాగితే అది కటకాన్ని అక్షానికి 4 సెంటీమీటర్ల కింద తాకుతుంది. అక్కడి నుంచి అక్షానికి సమాంతరంగా వెళ్లి పై రెండు గీతలు కలిసిన చోటికే రావాలి. రాకపోతే ఎక్కడో పెన్సిలు జారింది.

ఇక కొవ్వొత్తిని జరుపుదాం. ఎత్తు మారదు కాబట్టి సమాంతర కిరణం ప్రతిసారీ కటకాన్ని అదే ఎత్తులో తాకుతుంది, అదే నాభి గుండా అదే వాలులో దిగుతుంది. మన కాగితం మీద ఆ వాలు సరిగ్గా 45 డిగ్రీలు. మారేది దృక్ కేంద్రం గుండా పోయే రెండో గీత ఒక్కటే. అది గడియారం ముల్లులా దృక్ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. కదలని గీతను అది ఎక్కడ కోస్తుందో అక్కడే ప్రతిబింబం.

వస్తువు చాలా దూరంలో ఉంటే రెండో గీత దాదాపు అక్షం మీద పడుకున్నట్టు ఉంటుంది. అప్పుడు అది కదలని గీతను నాభికి కాస్త అవతల కోస్తుంది, ప్రతిబింబం చాలా చిన్నది. వస్తువును 30 సెంటీమీటర్లకు తెస్తే ప్రతిబింబం 15 దగ్గర, సగం ఎత్తున వస్తుంది. 20 సెంటీమీటర్ల దగ్గర, అంటే నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో, ప్రతిబింబం కూడా 20 దగ్గరే, వస్తువంత ఎత్తులోనే ఉంటుంది. ఇంకా దగ్గరికి తెస్తే ప్రతిబింబం దూరం జరుగుతూ పెద్దదవుతుంది. సినిమా ప్రొజెక్టరులో జరిగేది ఇదే. రీలు కటకం నాభికి కాస్త అవతల ఉంటుంది, తెర ఎంతో దూరంలో ఉంటుంది. బొమ్మ తిరగబడుతుంది కాబట్టి రీలును ముందే తలకిందులుగా ఎక్కించేవారు.

వస్తువు సరిగ్గా నాభి మీదికి, 10 సెంటీమీటర్లకు వచ్చిందనుకోండి. రెండో గీత వాలు కూడా 45 డిగ్రీలే అవుతుంది. రెండు గీతలూ సమాంతరం, ఎక్కడా కలవవు. ప్రతిబింబం అనంత దూరంలో ఉందని పుస్తకంలో రాసేది దీన్నే.

నాభిని దాటి లోపలికి, 5 సెంటీమీటర్లకు తెస్తే రెండో గీత మరింత నిటారుగా దిగుతుంది. కుడివైపు రెండు గీతలూ విడిపోతూ పోతాయి. అప్పుడు రెండింటినీ వెనక్కి, ఎడమవైపుకు చుక్కల గీతలుగా పొడిగించాలి. అవి 10 సెంటీమీటర్ల దగ్గర, అక్షానికి 4 సెంటీమీటర్ల పైన కలుస్తాయి. ప్రతిబింబం నిటారుగా, రెట్టింపు ఎత్తున ఉంటుంది. భూతద్దంలో అక్షరాలు పెద్దవిగా కనిపించేది ఇందుకే. అక్కడికి నిజంగా కాంతి రాదు, కాగితం పెట్టినా బొమ్మ పడదు. కాబట్టి అది మిథ్యా ప్రతిబింబం. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. చుక్కల గీతలు వేయాల్సిన చోట నిండు గీతలు వేస్తారు, లేదంటే గీతలను బలవంతంగా కుడివైపు కలిపేస్తారు.

నాభికి దగ్గరగా, కాస్త అవతల ఉన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. 12 సెంటీమీటర్ల దగ్గర వస్తువుకు ప్రతిబింబం 60 దగ్గర వస్తుంది. 11 దగ్గరికి తెస్తే ఏకంగా 110కి పోతుంది. గీతలు దాదాపు సమాంతరంగా ఉన్నందువల్ల పెన్సిలు మందం కూడా కలిసే చోటును చాలా దూరం జరిపేస్తుంది. ఈ స్థానాల్లో బొమ్మను నమ్ముకోకుండా లెక్క కట్టడమే మేలు.

బొమ్మ చూసి చాలామంది పడే పొరపాటు ఇంకొకటి. రెండు కిరణాలే ప్రతిబింబాన్ని తయారు చేస్తాయనుకుంటారు. కొన నుంచి బయల్దేరి కటకాన్ని తాకిన ప్రతి కిరణమూ ఆ ఒక్క బిందువుకే చేరుతుంది. మనం గీసినవి గీయడానికి వీలైనవి మాత్రమే. కటకం పై సగాన్ని నల్ల కాగితంతో మూసి చూడండి. మన సమాంతర కిరణం ఆగిపోయినా, తెర మీది మంట బొమ్మలో సగం మాయం కాదు. మొత్తం బొమ్మా అలాగే ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది.