పెళ్ళి క్యాసెట్‌కు మొదటి కాపీ

పాత వీహెచ్ఎస్ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలని యూఎస్‌బీ గ్రాబర్ కొన్నవాళ్ళు సాధారణంగా దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకుని రికార్డ్ బటన్ నొక్కేస్తారు. చాలావరకు ఆ సాఫ్ట్‌వేర్ టేపు తిరుగుతుండగానే బొమ్మను బాగా కుదించి దాచేస్తుంది. పాత టేపులో చుక్కలు, గీతలు, రంగుల వణుకు ఎక్కువ. కుదించే సాఫ్ట్‌వేర్‌కు ఆ చుక్కలేవో, పెళ్ళికూతురి చీర అంచులోని నేత ఏదో తెలియదు. రెండింటినీ కలిపి పలచన చేస్తుంది. అలా పోయిన వివరం మళ్ళీ రాదు. కాబట్టి మొదటి కాపీని లాస్‌లెస్‌గా, అంటే గ్రాబర్ పంపినదాన్ని పంపినట్టు ఉంచే పద్ధతిలో తీసుకోవాలి. మరకలు తుడవడం, చిన్న ఫైలు చేసి బంధువులకు పంపడం ఆ కాపీ దగ్గరుంటే ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1990ల మొదట్లో మన దగ్గరే తీసిన పెళ్ళి, E-180 క్యాసెట్, 3 గంటల నిడివి. వీసీఆర్‌లో పెట్టేముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచుల మీద తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. కోస్తా ఊళ్ళ తేమలో ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్న క్యాసెట్లకు ఇది పట్టడం మామూలే. అలాంటిదాన్ని ఆడించకూడదు. బూజు వీసీఆర్ హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది, ముందు శుభ్రం చేయించాల్సిందే. టేపు బాగుంటే వెనకవైపు ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి, పొరపాటున దాని మీద ఏదీ రికార్డు కాదు. తర్వాత చివరిదాకా ముందుకు తిప్పి, మొదటికి తెచ్చుకోండి. ఏళ్ళుగా కదలని చుట్ట దీనివల్ల సర్దుకుంటుంది.

వీసీఆర్ వెనక పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు పిన్నులు శబ్దానికి. ఒక్క తెల్లదే ఉంటే ఆ మెషిన్ మోనో అన్నమాట, కంగారు పడనక్కర్లేదు. గ్రాబర్‌ను హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టాలి. రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే VirtualDub2 చాలు. అందులో File మెనూలో Capture AVI తెరిచి గ్రాబర్‌ను ఎంచుకుంటే అసలు పని మొదలవుతుంది.

మన దేశపు టేపు పాల్ పద్ధతిలో ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో బొమ్మ ఉన్న గీతలు 576. అందుకే కొలత 720x576 పెట్టాలి, రంగుల ఫార్మాట్ YUY2, ఫ్రేమ్ రేటు 25. అమెరికాలో తీసి తెచ్చిన క్యాసెట్ అయితే అది ఎన్‌టీఎస్‌సీ. దానికి 720x480, 29.97. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం టీవీ లెక్కలో సుమారు 240 గీతలే, అంత తక్కువదానికి 576 ఎందుకని కొందరు సగం సైజు పెట్టేస్తారు. నిలువునా ఉన్న 576 గీతలు నిజంగా టేపు మీద ఉన్నవే. సైజు తగ్గిస్తే వాటిని చెరిపినట్టే. పెంచి 1080 చేయడం వల్లా ఒరిగేదేమీ లేదు.

ఆ గీతల్లో ఇంకో సంగతి ఉంది. కెమెరా ముందు ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి గీతలను, సెకనులో 50వ వంతు గడిచాక సరి గీతలను తీసింది. కంప్యూటర్ తెర మీద రెండూ ఒకేసారి కనిపించేసరికి, కదిలే చేతి అంచులు దువ్వెన పళ్ళలా చీలినట్టుంటాయి. ఇది చూసి టేపు పాడైందనుకుని డీఇంటర్‌లేస్ అన్న గుర్తు పెట్టేవాళ్ళున్నారు. మొదటి కాపీలో దాన్ని తాకకండి. హడావిడిగా చేసే డీఇంటర్‌లేస్ కదలికలో సగాన్ని పారేస్తుంది, లేదా రెండింటినీ కలిపి మసక చేస్తుంది. ఆ పని తర్వాత తీరిగ్గా, మంచి సాధనంతో చేసుకోవాలి. చుక్కలు తగ్గించే ఫిల్టర్లకూ ఇదే మాట. అడుగున వణికే సన్నని పట్టీని కత్తిరించడం కూడా తర్వాతే.

తొందరపడకుండా సమయం పెట్టాల్సింది వెలుగు దగ్గర. చవక గ్రాబర్లు చాలావరకు మొదట్లో ఉండే సెట్టింగ్‌తో తెలుపును మితిమీరి పెంచుతాయి. పెళ్ళి క్యాసెట్‌లో దీన్ని పట్టుకోవడానికి తలంబ్రాల ఘట్టాన్ని మించింది లేదు. ముఖం మీద వీడియో లైటు, తెల్లని బియ్యం, పట్టు పంచె. ఆ చోటికి టేపు తెచ్చి ఆడిస్తూ Video మెనూలోని Histogram తెరవండి. గ్రాఫ్ కుడి అంచుకు గుద్దుకుని పోగుపడితే, పంచె మడతలు తెల్లని మచ్చగా మారిపోతున్నాయన్నమాట. అంచు నుంచి కాస్త వెనక్కి జరిగేదాకా కాంట్రాస్ట్ తగ్గించండి. తర్వాత రాత్రి ఊరేగింపు దగ్గరికి వెళ్ళి ఎడమ అంచు చూసి బ్రైట్‌నెస్ సరిచేయండి. బొమ్మ కాస్త వెలిసినట్టు కనిపించినా ఫర్వాలేదు, వెలిసినదాన్ని తర్వాత దిద్దుకోవచ్చు. చుట్టూ ఉండే నల్లని అంచు కూడా గ్రాఫ్‌లోకి వస్తుంది కనుక ఎడమ చివర చిన్న గుట్ట కనిపిస్తే పట్టించుకోవద్దు.

శబ్దానికి కుదింపు లేని పీసీఎం, 48000 హెర్ట్జ్, 16 బిట్ పెట్టండి. మంగళవాద్యాలు జోరందుకునే చోట మీటర్ నిండిపోతోందేమో చూడండి. బొమ్మకు Compression జాబితాలో Huffyuv ఎంచుకుని, దాని సెట్టింగ్‌లో 4:2:2 ఉందో లేదో చూసుకోండి. ఇది కంప్యూటర్‌కు బరువు కాదు. FFV1 ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది కానీ పాత కంప్యూటర్ మీద టేపు తిరుగుతుండగా దానికి పని ఎక్కువ. అసలు ఏ కుదింపూ లేకపోతే ఈ బొమ్మ గంటకు 75 జీబీ దాకా తింటుంది. Huffyuv తో సుమారు సగానికి వస్తుంది. చుక్కలు ఎక్కువున్న టేపుకు ఎక్కువే అవుతుంది కాబట్టి మన 3 గంటల పెళ్ళికి 150 జీబీ ఖాళీ ఉంచుకోవడం మంచిది. ఆ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండాలి, FAT32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటలేదు.

మొత్తం ఎక్కించేముందు 5 నిమిషాలు పరీక్ష చేయండి. పక్కన కనిపించే లెక్కల్లో Frames dropped, Frames inserted అనే రెండింటినీ చూడాలి. కెమెరా ఆపి మళ్ళీ మొదలెట్టిన చోట ఒకటి రెండు పెరిగితే సహజం. ఆగకుండా పెరుగుతుంటే తప్పు టేపుదా, కంప్యూటర్‌దా తేల్చుకోవాలి. అదే 5 నిమిషాలు వెనక్కి తిప్పి మళ్ళీ తీయండి. రెండుసార్లూ ఒకే చోట పెరిగితే టేపు, వేర్వేరు చోట్ల పెరిగితే కంప్యూటర్. కంప్యూటర్ అయితే మిగతా ప్రోగ్రాములు మూసేయడం, వేరే పోర్టు చూడటం, ప్రివ్యూ ఆపడం చాలాసార్లు సరిపోతుంది. టేపు అయితే వీసీఆర్ ట్రాకింగ్ సర్ది చూడండి. అప్పటికీ ఆగకపోతే గీతల వేళలను సరిదిద్దే యంత్రం మధ్యలో ఉండాలి. పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 వంటి పాత డీవీడీ రికార్డర్లను ఇందుకే, రికార్డు చేయకుండా కేవలం దారిగా, వాడుతుంటారు.

పూర్తయ్యాక చివరి 10 నిమిషాల్లో ఎవరైనా మాట్లాడే చోట పెదవులూ మాటా కలుస్తున్నాయో చూడండి. అక్కడ సరిగా ఉంటే కాపీ నిలిచినట్టే. దాన్ని రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. క్యాసెట్‌ను మాత్రం పారేయకండి. వీసీఆర్ల తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది కాబట్టి, ఇంట్లో పనిచేసే వీసీఆర్ ఉంటే దాన్నీ పాతసామాన్లవాడికి ఇవ్వకండి.