టెండరు షరతుల తెలుగులో జారిపోయే వాక్యాలు

టెండరు నోటీసు ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని చిన్న కాంట్రాక్టరుకు తెలుగులో చెప్పేది చదువుకున్న కొడుకో, బిడ్లు అప్‌లోడ్ చేసిపెట్టే నెట్ సెంటర్ కుర్రాడో అయి ఉంటాడు. నోటీసంతా తెలుగు చెయ్యాలని కూర్చుంటే ఓపిక మొదటి పేజీల్లోనే అయిపోతుంది. అందుకే అర్హత, ఈఎండీ అనే రెండు భాగాలను ముందు పట్టుకోమంటాను. వాటిలో మాత్రం ఒక్క వాక్యం కూడా వదలకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 60 లక్షల సీసీ రోడ్డు పని, నోటీసు కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతిలో ఉందనుకోండి. గత ఏడేళ్లలో ఇలాంటి పనులు మూడు పూర్తిచేసి ఉండాలి, ఒక్కొక్కటి అంచనా విలువలో 40 శాతానికి తగ్గకూడదు. అలా కాకుంటే 60 శాతానికి తగ్గనివి రెండు, అదీ కాకుంటే 80 శాతానికి తగ్గనిది ఒకటి చాలు. శాతాలను శాతాలుగానే తెలుగు చేసి ఊరుకోకండి. మూడు పనులైతే ఒక్కోటి 24 లక్షలు, రెండైతే ఒక్కోటి 36 లక్షలు, ఒకటైతే 48 లక్షలు అని రూపాయల్లో రాసి చేతిలో పెట్టండి.

మన కాంట్రాక్టరు 35, 28, 22 లక్షల పనులు మూడు చేశాడు. మొత్తం 85 లక్షలైంది కదా, 60 లక్షల పనికి ఢోకా లేదనుకుంటాడు. కానీ షరతు ‘ఒక్కొక్కటి’ అంటోంది, కూడిక లెక్కలోకి రాదు. 22 లక్షల పని 24 దాకా రాలేదు కాబట్టి మూడు పనుల దారి మూసుకుపోయింది. 36 లక్షలవి రెండు లేవు, 48 లక్షలది ఒక్కటీ లేదు. అర్హత లేదని ఇక్కడితో కాగితం మడిచేసేవాళ్లు చాలామంది.

అయితే ఆ పద్ధతి నోటీసుల్లో కిందనే ఇంకో వాక్యం ఉంటుంది. పాత పనుల విలువను, అవి పూర్తయిన తేదీ నుంచి బిడ్ గడువు దాకా, ఏడాదికి 7 శాతం సాధారణ వడ్డీ లెక్కన పెంచి చూస్తారని దాని అర్థం. 22 లక్షల పని పూర్తయి రెండేళ్లయితే 14 శాతం, అంటే 3,08,000 రూపాయలు కలుస్తాయి. విలువ 25,08,000 అవుతుంది. మూసుకుపోయిందనుకున్న దారి తెరుచుకుంది. తెలుగు చేసినాయన ఆ వాక్యం దాటేసి ఉంటే, అర్హత ఉన్న మనిషి ఇంట్లో కూర్చునేవాడు. అన్ని శాఖల నోటీసుల్లోనూ ఈ వెసులుబాటు ఉండదు, శాతాలూ మారుతుంటాయి. కాబట్టి పాత టెండరు తెలుగును కొత్తదానికి అతికించకూడదు.

ఏడేళ్ల లెక్క ఎక్కడ ఆగుతుందో కూడా రాయాలి. నోటీసు వెలువడిన నెలకు ముందు నెల చివరి రోజుతో ఆగుతుందని కొన్ని నోటీసుల్లో ఉంటుంది. అలాంటి నోటీసు 2025 ఆగస్టు 10న వస్తే, జూలై 31లోపు పూర్తయిన పనే లెక్క. ఆగస్టు 5న ముగిసిన పనికి పూర్తి ధ్రువపత్రం ఉన్నా పనికిరాదు, బిడ్ గడువు సెప్టెంబరు దాకా ఉన్నా సరే.

ఇక ఈఎండీ. కేంద్ర ఆర్థిక నియమావళి ప్రకారం ఇది మామూలుగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం దాకా ఉండొచ్చు. 2 శాతమైతే మన పనికి 1,20,000 రూపాయలు. డీడీ తీయడం తెలిసినవారికి చిక్కు లేదు, చిక్కంతా బ్యాంకు గ్యారంటీ గడువుతోనే. బిడ్ 90 రోజులు చెల్లుబాటులో ఉండాలని ఒకచోట, గ్యారంటీ ఆపైన మరో 45 రోజులు ఉండాలని ఇంకోచోట రాస్తారు. రెండూ కలిపి తేదీగా చెప్పకపోతే కాంట్రాక్టరు 90 రోజులకే గ్యారంటీ తెస్తాడు, బిడ్ సాంకేతిక పరిశీలనలోనే పోతుంది. బిడ్లు తెరిచే రోజు నుంచి లెక్కించమంటే, సెప్టెంబరు 10న తెరిచే టెండరుకు బిడ్ గడువు డిసెంబరు 9, గ్యారంటీ గడువు 2026 జనవరి 23. బ్యాంకుకు చెప్పాల్సింది ఈ రెండో తేదీ.

ఈ డబ్బు ఎప్పుడు పోతుందో కూడా దాపరికం లేకుండా తెలుగులో ఉండాలి. చెల్లుబాటు గడువులో బిడ్ వెనక్కి తీసుకున్నా, పని దక్కాక గడువులోపు ఒప్పందం చేసుకోకపోయినా ఈఎండీ జప్తవుతుంది. రేటు తక్కువేసి తర్వాత తప్పుకుందామనుకునేవాళ్లకు ఇది ముందే తెలియాలి.

ఉద్యం ధ్రువపత్రం ఉంటే ఈఎండీ కట్టనక్కర్లేదన్న మాట ఊళ్లలో బాగా తిరుగుతోంది. చిన్న పరిశ్రమలకిచ్చే ఆ మినహాయింపు సరుకులకూ, సేవలకూ ఉద్దేశించింది. రోడ్లు, కాలువలు, భవనాల నిర్మాణ పనులకు అది దానంతటది వర్తించదు. నోటీసులో స్పష్టంగా రాసి ఉంటేనే నమ్ముకోవాలి. అనుమానముంటే ప్రీ-బిడ్ సమావేశానికి ముందే రాతపూర్వకంగా అడగాలి, ఆఫీసులో ఎవరో నోటితో చెప్పిన జవాబు తర్వాత నిలబడదు.

సవరణ ప్రకటనలు మాత్రం చివరి రోజు దాకా చూస్తూనే ఉండాలి. బిడ్లు తెరిచే తేదీని వారం వెనక్కి జరిపారంటే, జనవరి 23 కాస్తా జనవరి 30 కావచ్చు. పాత తేదీతో గ్యారంటీ తెచ్చి ఉంటే, అప్‌లోడ్ చేసేముందు బ్యాంకుకు వెళ్లి గడువు పొడిగించుకు రావాల్సిందే.